పన్ను తీసిన మూడో రోజు మొదలైన పోటు: అది డ్రై సాకెటా, మామూలు నొప్పేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 29. పోయిన శుక్రవారం కింది దవడలో కుడివైపు జ్ఞానదంతం తీయించుకున్నాను. అడ్డంగా ఉందని చిగురు కోసి, ఎముక కొంచెం తొలిచి తీశారు. కుట్లు వేశారు. మొదటి రెండు రోజులు పర్వాలేదు, ఆదివారం అయితే సాయంత్రం మాత్ర కూడా వేసుకోలేదు. సోమవారం సాయంత్రం నుంచి పోటు మొదలైంది. చెవిలోకి, కణత దాకా లాగేస్తోంది. మాత్ర వేసుకుంటే రెండు గంటలు, తర్వాత మళ్ళీ మామూలే. రెండు రాత్రులుగా నిద్ర లేదు. నోరంతా ఏదో చెడ్డ రుచి. అద్దంలో చూస్తే ఆ గుంతలో తెల్లగా ఏదో కనిపిస్తోంది, చీమేమోనని భయంగా ఉంది. జ్వరం లేదు, బుగ్గ వాపు తగ్గింది. యాంటీబయాటిక్ రేపటితో అయిపోతుంది. ఇంకా స్ట్రాంగ్‌ది వేసుకోవాలా? నేను సిగరెట్ తాగను, స్ట్రా ముట్టలేదు, గర్భనిరోధక మాత్రలు తప్ప వేరే మందులేవీ వాడను. నావల్ల ఏమైనా పొరపాటు జరిగిందా? ఎడమవైపు పన్ను కూడా తీయాలన్నారు. అది తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు డ్రై సాకెట్‌కు, అంటే పన్ను తీసిన గుంతలో రక్తపు గడ్డ నిలవక ఎముక బయటపడటానికి, సరిగ్గా సరిపోతున్నాయి. యాంటీబయాటిక్ మార్చుకోవద్దు. పన్ను తీసిన డాక్టర్‌కి ఈరోజే ఫోన్ చేసి, గుంతలో మందు పెట్టించుకోవడానికి టైమ్ అడగండి. ఈరోజు కుదరకపోతే రేపు వెళ్ళండి. ఇది ప్రాణం మీదకు తెచ్చే సమస్య కాదు. మందు పెట్టకపోయినా వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. కానీ అన్ని రాత్రులు నిద్ర లేకుండా ఓర్చుకోవాల్సిన అవసరం మీకు లేదు.

నేను ఇంత ధీమాగా చెప్పడానికి కారణం మీ ఉత్తరంలో ఉన్న ఆ ఆదివారం. పన్ను తీసిన తర్వాత నొప్పి ఎంత ఉందన్న దానికంటే ఎటు నడుస్తోందన్నదే మాకు ముఖ్యం. మామూలుగా మానే గుంతలో నొప్పి మొదటి రోజు, మత్తు దిగాక ఎక్కువగా ఉంటుంది. మీకు చేసినట్టు ఎముక తొలిచి తీసినప్పుడు వాపు రెండో రోజుకో మూడో రోజుకో బాగా పెరిగి, ఆ తర్వాత దిగుతుంది. నోరు సగమే తెరుచుకోవడం, దవడ బిగుసుకున్నట్టు ఉండటం వారం దాకా ఉండొచ్చు. మొత్తం మీద ఈరోజు నిన్నటికంటే కాస్త నయంగా ఉండాలి. ఐదో రోజున ఇంకా నొప్పి ఉన్నంత మాత్రాన అది డ్రై సాకెట్ కాదు. రోజురోజుకూ తగ్గుతూ, మాత్రకు లొంగుతూ ఉంటే అది మానుతున్న నొప్పే.

డ్రై సాకెట్ అలా కాదు. తగ్గుతున్న నొప్పి ఒక్కసారిగా ఎదురు తిరుగుతుంది. ఎక్కువమందికి పన్ను తీసిన ఒకటి నుంచి మూడు రోజుల మధ్య మొదలవుతుంది, అప్పుడప్పుడు ఐదో రోజు దాకా ఆలస్యం అవుతుంది. మీరు ఆదివారం మాత్ర మానేయగలిగారు, సోమవారం సాయంత్రానికి చెవి దాకా లాగింది. నాకైతే ఈ మలుపే అన్నింటికంటే పెద్ద ఆధారం. చెవిలో నిజంగా ఏమీ ఉండదు. కింది దవడకూ, చెవి ముందు భాగానికీ, కణతకూ స్పర్శ తెచ్చే నరాలు ఒకే నరం కొమ్మలు కావడంతో నొప్పి ఎక్కడిదో మెదడు సరిగ్గా పోల్చుకోలేదు. చెవి నొప్పి అనుకుని చెవి డాక్టర్ దగ్గరికి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు.

ఇక అద్దంలో కనిపించిన ఆ తెలుపు గురించి. పన్ను తీయించుకున్నవాళ్ళను ఎక్కువగా భయపెట్టేది ఇదే. చాలాసార్లు అది మానడానికి గుర్తే. మోకాలు గీసుకుపోతే పైన ఎండి గట్టిగా పక్కు కడుతుంది కదా, నోట్లో ఎప్పుడూ తడే కాబట్టి అదే పక్కు మెత్తగా, తెలుపు పసుపు కలిసిన పొరలా కనిపిస్తుంది. రెండో మూడో రోజు నుంచి అది రావడం సహజం. చీము అయితే కదులుతుంది, కారుతుంది, చుట్టూ చిగురు ఎర్రగా ఉబ్బి ఉంటుంది, నొక్కితే ఇంకా వస్తుంది. డ్రై సాకెట్‌లో చీము ఉండదు. గుంత ఖాళీగా ఉంటుంది, లేదా బూడిద రంగులో కరిగిపోయిన గడ్డ అవశేషాలు, ఇరుక్కున్న తిండి ఉంటాయి. అవి కడిగేస్తే అడుగున పాలిపోయిన ఎముక కనిపిస్తుంది. కానీ అంత వెనక ఉన్న పన్ను దగ్గర, పైన కుట్లు కూడా ఉంటే, ఇంటి అద్దంలో ఈ తేడా పట్టడం కష్టం. సెల్‌ఫోన్ టార్చ్ వేసి, ఇయర్‌బడ్‌తోనో టూత్‌పిక్‌తోనో కెలికి చూద్దామని మాత్రం అనుకోవద్దు. లోపల మిగిలిన కాస్త గడ్డ కూడా ఊడిపోతుంది.

అసలు లోపల ఏం జరిగిందంటే, పన్ను తీయగానే ఆ గుంత రక్తంతో నిండి గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఎముకకు మూతలా ఉంటుంది. దాన్ని ఆధారం చేసుకునే చుట్టూ ఉన్న కణాలు లోపలికి పాకి కొత్త కండను కడతాయి. డ్రై సాకెట్‌లో ఈ గడ్డ నిలబడదు. అది బయటకు ఊడిపోయింది అని అందరూ అనుకుంటారు, స్ట్రాతో పీలిస్తే గడ్డ ఊడుతుందన్న కథ కూడా అక్కడి నుంచి వచ్చిందే. నిజానికి చాలామందిలో గడ్డ ఊడిపోదు, ఉన్నచోటే కరిగిపోతుంది. గడ్డల్ని కరిగించే ప్లాస్మిన్ అనే పదార్థం మన ఒంట్లోనే తయారవుతుంది. ఎముక ఎక్కువ నలిగినా, ముందే అక్కడ ఇన్ఫెక్షన్ ఉన్నా, అది అవసరానికి మించి తయారవుతుంది. గడ్డ పోయాక ఎముక గోడ గాలికి, ఉమ్మికి, తిండికి బయటపడుతుంది. ఆ గోడలోని నరాల కొసలే మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు.

ఇప్పుడు మీ తప్పు సంగతి. మామూలు పళ్ళు తీసినప్పుడు ఇది నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా వస్తుంది. కింది జ్ఞానదంతాల్లో అంతకు చాలా రెట్లు ఎక్కువ, కొన్ని లెక్కల్లో నూటికి 30 దాకా కూడా ఉంది. అక్కడ ఎముక గట్టిగా ఉంటుంది, రక్తప్రసారం తక్కువ, మీ పన్ను అడ్డంగా ఉండటంతో ఎముక తొలవాల్సి వచ్చింది. దానికి తోడు మీరు వాడే గర్భనిరోధక మాత్రలు. వాటిలోని ఈస్ట్రోజెన్ రక్తంలో గడ్డను కరిగించే గుణాన్ని పెంచుతుంది. ఆ మాత్రలు వాడేవాళ్ళలో డ్రై సాకెట్ ఎక్కువగా కనిపిస్తుందని చాలాకాలంగా తెలుసు. అంటే మీ లెక్కలో సిగరెట్, స్ట్రా లేకపోయినా మూడు కారణాలు ముందే ఉన్నాయి. మీరు చేసిన పొరపాటు ఏదీ నాకు కనిపించడం లేదు. పన్ను తీసిన డాక్టర్ కూడా ఏదో పాడు చేశారనుకోనక్కర్లేదు, చేయి తిరిగినవాళ్ళ దగ్గరా ఇది వస్తుంది.

క్లినిక్‌లో ఏం చేస్తారో ముందే తెలిస్తే భయం తగ్గుతుంది. మొదట నాలుగు మాటలు అడుగుతారు, గుంత చూస్తారు, వేరు ముక్క ఏమైనా మిగిలిందేమోనని అనుమానం ఉంటే ఎక్స్‌రే తీస్తారు. కుట్టు అడ్డొస్తే ఒకటి తీసేస్తారు. తర్వాత గోరువెచ్చటి సెలైన్‌ని సిరంజితో మెల్లగా గుంతలోకి పంపి కడుగుతారు. గోరువెచ్చగా ఎందుకంటే, బయటపడిన ఎముకకు చల్లటి నీళ్ళు తగిలితే ప్రాణం లేచొస్తుంది. బాగా నొప్పిగా ఉంటే మత్తు ఇంజెక్షన్ అడగండి, అడగడంలో తప్పులేదు. కడిగాక యూజినాల్ కలిసిన మందును గుంతలో వదులుగా పెడతారు. లవంగం వాసన వస్తుంది, ఎందుకంటే లవంగ నూనెలో ముఖ్యమైన పదార్థం అదే. చాలామందికి కుర్చీలోంచి లేచేలోపే పోటు దిగడం మొదలవుతుంది. నా దగ్గరికి ముఖం చిట్లించుకుని వచ్చినవాళ్ళు అర గంటలో మామూలుగా మాట్లాడటం చూస్తుంటాను. ఈ వైద్యంలో నాకు నచ్చే భాగం ఇదే.

అక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, పెట్టిన మందు దానంతటదే పోయే రకమా, మళ్ళీ వచ్చి తీయించుకోవాల్సిన గాజ్ గుడ్డా అని అడిగి తెలుసుకోండి. గుడ్డ అయితే మర్చిపోకుండా తీయించాలి, లోపలే ఉండిపోతే గుంత మానదు. రెండు, మందు ప్రభావం ఒకటి రెండు రోజుల్లో తగ్గి నొప్పి మళ్ళీ తల ఎత్తొచ్చు. అప్పుడు మళ్ళీ వెళ్ళి మార్పించుకోవాలి. ఇలా రెండు మూడు సార్లు వెళ్ళాల్సి రావడం మామూలే, వైద్యం పని చేయలేదని కాదు. ఒకప్పుడు గుంతను గీకి, కొత్తగా రక్తం తెప్పించి, మళ్ళీ గడ్డ కట్టించాలని చూసేవారు. దానివల్ల ఎముక ఇంకా నలుగుతుందని, నొప్పి పెరుగుతుందని ఇప్పుడు ఆ పద్ధతిని చాలామంది వదిలేశారు. ఎవరైనా అదే చేస్తామంటే ఎందుకని అడగండి.

డాక్టర్‌ని కలిసేదాకా మాత్రల విషయంలో ఒక మార్పు చేసి చూడండి. ముందు మీ దగ్గరున్న పెయిన్ కిల్లర్ స్ట్రిప్ వెనక్కి తిప్పి, అందులో ఏమేం ఉన్నాయో చదవండి. చాలా మాత్రల్లో డైక్లోఫెనాక్‌తోనో అసిక్లోఫెనాక్‌తోనో పాటు పారాసిటమాల్ కలిసే ఉంటుంది. అలాంటిదే అయితే దాన్ని రాసిన ప్రకారమే వేసుకోండి, పైన ఇంకేదీ కలపొద్దు. ఒట్టి పారాసిటమాలే వాడుతుంటే మాత్రం, దాంతోపాటు ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాముల మాత్రను తిండి తర్వాత వేసుకోవచ్చు. ఈ రెండూ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి, పంటి నొప్పికి విడివిడిగా కంటే కలిపితేనే బాగా పనిచేస్తాయి. ఐబుప్రొఫెన్ ఎనిమిది గంటలకు ఒకటి చొప్పున రోజుకు 1200 మిల్లీగ్రాములు దాటకూడదు. పారాసిటమాల్ ఆరు గంటలకోసారి 500 నుంచి 1000 దాకా, రోజంతా కలిపి ఎట్టి పరిస్థితుల్లోనూ 4000 మిల్లీగ్రాములు మించకూడదు. నొప్పి తారస్థాయికి చేరాక వేసుకోవడం కాదు, టైమ్ ప్రకారం వేసుకోండి. రెండు గంటలకే నొప్పి వస్తోందని మధ్యలో ఇంకోటి మింగడం వల్ల లాభం లేదు, కడుపూ కిడ్నీలూ దెబ్బతింటాయి. అల్సర్, కిడ్నీ జబ్బు, రక్తం పలచబడే మందులు, నొప్పి మాత్రలతో పెరిగే ఆస్తమా, గర్భం, వీటిలో ఏది ఉన్నా ఐబుప్రొఫెన్ జోలికి వెళ్ళకుండా డాక్టర్‌ని అడగాలి. లివర్ జబ్బు ఉన్నవాళ్ళు పారాసిటమాల్ విషయంలోనూ అంతే.

గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో అర టీస్పూను ఉప్పు కలిపి, తిన్న ప్రతిసారీ నోట్లో పోసుకుని తలను అటూ ఇటూ వంచండి. గట్టిగా పుక్కిలించవద్దు, ఉమ్మకుండా నోరు తెరిచి సింక్‌లోకి జారనివ్వండి. ఇరుక్కున్న తిండి పోతేనే ఆ చెడ్డ రుచీ వాసనా తగ్గుతాయి. పడుకున్నప్పుడు పోటు పెరిగితే రెండు దిండ్లు వేసుకుని తల కాస్త ఎత్తులో పెట్టుకోండి. మిగతా పళ్ళను మామూలుగానే తోముకోండి, ఆ పక్కన బ్రష్ ఆపేస్తే పాచి పేరుకుని ఇంకో సమస్య అవుతుంది.

మీరు అడగకపోయినా లవంగ నూనె మాట చెప్పక తప్పదు, ఇంట్లో ఎవరో ఒకరు ఇప్పటికే సలహా ఇచ్చి ఉంటారు. క్లినిక్‌లో పెట్టే మందులో ఉన్నది అదే కదా అనిపిస్తుంది. కానీ అక్కడ దాన్ని లెక్క ప్రకారం వేరే పదార్థంలో కలిపి పెడతారు. సీసాలోంచి నేరుగా దూదికి అద్ది గుంతలో కుక్కితే చిగురు కాలుతుంది, ఎముక కణాలు కూడా దెబ్బతింటాయి. పైగా దూది పోగులు లోపల ఇరుక్కుంటాయి. ఆస్పిరిన్ మాత్రను నొప్పి ఉన్న చోట పెట్టుకుని చప్పరించడం ఇంకా చెడ్డది, పెట్టిన చోటల్లా చర్మం తెల్లగా కాలి ఊడొస్తుంది.

యాంటీబయాటిక్ ఎందుకు వద్దన్నానో ఇప్పటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. డ్రై సాకెట్ అంటే గడ్డ లేని ఎముక, చీము పట్టిన ఎముక కాదు. రక్తం ద్వారా అక్కడికి వెళ్ళే మందు, బయటపడ్డ ఎముకను కప్పలేదు. అయిదు రోజులుగా మీరు వాడుతున్నా ఈ నొప్పి ఆగలేదంటే ఆ మందు చాలలేదని కాదు, అది దానికి సంబంధించినది కాదని. ఉన్న కోర్సు పూర్తి చేయండి, కొత్తది మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు.

ఇన్ఫెక్షన్ తీరు వేరే. తగ్గిన బుగ్గ మళ్ళీ ఉబ్బుతుంది, చర్మం వేడిగా గట్టిగా తగులుతుంది, జ్వరం, చలి, చీము, దవడ కింద గడ్డలు. అవి కనిపిస్తే ఆరోజే డాక్టర్‌ని చూడాలి. మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా, నాలుక కింద గానీ గడ్డం కింద గానీ వాపు పాకినా, నోరు నిన్నటికంటే ఇంకా తక్కువగా తెరుచుకుంటున్నా క్లినిక్ కోసం ఆగకుండా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. మీకు ఇవేవీ లేవు, వాపు తగ్గిందని మీరే రాశారు. కింది పెదవి ఇంకా మొద్దుబారి ఉంటే అది నరానికి సంబంధించిన విషయం, డ్రై సాకెట్ కాదు. ఉంటే వెళ్ళినప్పుడు చెప్పండి.

నొప్పి పోయాక కూడా గుంత చాలా రోజులు గుంతగానే ఉంటుంది. పైన చిగురు మూసుకోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, లోపల ఎముక నిండటానికి మూడు నుంచి ఆరు నెలలు. డ్రై సాకెట్ వచ్చిన గుంత కాస్త ఆలస్యంగా మానుతుంది అంతే, చివరికి మామూలు గుంత ఎలా మానుతుందో అలాగే మానుతుంది. ఈ లోపు అందులో తిండి ఇరుక్కోవడం తప్పదు. కొన వంగిన ప్లాస్టిక్ సిరంజి ఒకటి డాక్టర్‌ని అడిగి తీసుకోండి. ఎప్పటి నుంచి వాడాలో, కొన ఎంత లోపలికి పెట్టాలో వాళ్ళ చేతే ఒకసారి చేయించుకుని చూడండి. రెండు మూడు వారాల తర్వాత నాలుకకు చిన్న పదునైన ముక్క తగిలితే కంగారు పడొద్దు, అది ఎముక అంచు నుంచి విడిపోయిన పలుకు. చాలావరకు దానంతటదే బయటకు వస్తుంది, రాకపోతే డాక్టర్ నిమిషంలో తీసేస్తారు.

ఎడమవైపు పన్నుకు ఇప్పుడే తేదీ తీసుకోకండి, ఇది పూర్తిగా మానాక చూద్దాం. ఒకసారి డ్రై సాకెట్ వచ్చినవాళ్ళకు ఇంకోసారి వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ కాబట్టి, ఆ సంగతీ మీ మాత్రల సంగతీ డాక్టర్‌కి ముందే చెప్పండి. మీరు వాడేది 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపే రకమైతే, ఆ విరామపు వారంలో పన్ను తీయడానికి కొందరు సర్జన్లు మొగ్గు చూపుతారు, అప్పుడు ఈస్ట్రోజెన్ ప్రభావం తక్కువ కాబట్టి. పన్ను కోసం మాత్రలు మధ్యలో ఆపేయడం మాత్రం వద్దు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ గానీ, గుంతలో పెట్టే జెల్ గానీ వాడితే డ్రై సాకెట్ తగ్గుతుందని పరీక్షల్లో తేలింది, అది మీకు సరిపడుతుందో లేదో అడగండి. ఇంతకుముందు దానితో దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పాలి. తేదీ వేసుకునేటప్పుడు మూడో రోజూ నాలుగో రోజూ క్లినిక్ తెరిచి ఉండేలా చూసుకోండి. ఈసారి సోమవారం సాయంత్రం వచ్చిన నొప్పి శనివారం రాత్రి వచ్చి ఉంటే, ఫోన్ ఎత్తేవాళ్ళ కోసం ఇంకో రోజున్నర కూర్చోవాల్సి వచ్చేది.